విశేషణాలు తీసేస్తే ఎస్‌ఎస్‌ఆర్ పేరాలో ఏం మిగలాలి?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది గోదావరి జిల్లాలో యూనివర్సిటీకి అఫిలియేట్ అయిన డిగ్రీ కాలేజీ. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. కాలేజీల నాణ్యతని అంచనా వేసే నాక్‌కి పంపే స్వీయ అధ్యయన నివేదిక, అదే ఎస్‌ఎస్‌ఆర్‌లో, బోధన గురించిన రెండో క్రైటీరియన్ రాసే పని నా మీద పడింది. అందులో విద్యార్థి కేంద్రిత పద్ధతుల గురించి అడిగే 2.3.1 కోసం ఇంగ్లీషులో రాసిన పేరాకి అర్థం ఇది: “మా కళాశాలలో ఎంతో నిబద్ధత గల అధ్యాపకులు వినూత్నమైన, విద్యార్థి కేంద్రిత పద్ధతుల్లో నాణ్యమైన బోధన అందిస్తున్నారు. ఐసీటీ సాధనాలను విస్తృతంగా వాడుతున్నారు. దీనివల్ల విద్యార్థుల్లో సమస్యలు పరిష్కరించే నైపుణ్యం గణనీయంగా పెరిగి అద్భుతమైన ఫలితాలు వస్తున్నాయి. విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఎంతో సానుకూలంగా ఉంది.” నాక్ సందర్శనకి ముందు రిహార్సల్‌గా పెట్టుకున్న మాక్ విజిట్‌కి వచ్చిన ప్రొఫెసర్ గారు “వీటిలో ఒక్కదానికైనా కాగితం ఉందా?” అన్నారు. ప్రిన్సిపాల్ గారేమో ఇంకా గట్టిగా రాయమంటున్నారు. మా డిపార్ట్‌మెంట్ ప్రాబ్లమ్ క్లాసుల రిజిస్టరు, ఇంటర్నల్స్ మార్కులు, ప్రశ్నపత్రాలు, ఫీడ్‌బ్యాక్ సారాంశం, మూడేళ్ల ఫలితాల పట్టిక జతచేస్తున్నాను. పేరాని ఎలా తిరగరాయాలి? అప్‌లోడ్ గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీరు పంపిన ఫైలు మొత్తం చదివాను. మీ పేరా కన్నా మీ రిజిస్టరు చాలా బాగుంది. పేరాలో కనిపించని కాలేజీ ఆ రిజిస్టర్లో కనిపిస్తోంది. కాబట్టి వాక్యాలను చెక్కడం కాసేపు పక్కన పెట్టి, కాగితాల నుంచి మొదలుపెడదాం.

“గణనీయంగా పెరిగింది” అని రాసినప్పుడు మీ మనసులో ఏదో ఒక సంగతి ఉండే ఉంటుంది. బహుశా ఆ సాయంత్రం క్లాసుల్లో పిల్లలు బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేయడం గుర్తొచ్చి ఉంటుంది. మీకు అది గుర్తుంది కనుక వాక్యం నిజమే అనిపిస్తుంది. చదివేవాళ్లకి ఆ జ్ఞాపకం లేదు. వాళ్లకి మిగిలేది విశేషణం ఒక్కటే, అది దేశంలో ఏ కాలేజీ అయినా రాసుకోగలిగేది. విశేషణాన్ని కొట్టేసి ఊరుకుంటే పని పూర్తికాదు. దాని వెనక మీరు దేన్ని తలచుకున్నారో బయటికి తీసి, అది కాగితం మీద ఉందో లేదో చూసి, ఉన్నంత మేరకే చెప్పాలి.

ముందు, ఈ పేరాని ఎవరు ఏ పక్కనుంచి చూస్తారో చెప్తాను, ఎందుకంటే దాన్ని బట్టే ఏ ఆధారం పనికొస్తుందో తేలుతుంది. ఎస్‌ఎస్‌ఆర్‌లో అంకెలతో జవాబిచ్చే మెట్రిక్స్, అంటే ప్రశ్నలు, నాక్ తరఫున డేటా సరిచూసే డీవీవీకి వెళ్తాయి. అక్కడ పత్రాలతో సరిపోల్చి, తేడా ఉంటే వివరణ అడుగుతారు. 2.3.1 లాంటి వివరణాత్మక మెట్రిక్‌ని కాలేజీకి నాక్ పంపే ప్రొఫెసర్ల బృందం, పీర్ టీమ్, చూస్తుంది. వాళ్లు మీ పేరా చదివే వస్తారు. వచ్చాక డిపార్ట్‌మెంట్లలో కూర్చుంటారు, పిల్లలతో విడిగా మాట్లాడతారు. చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. నాక్ విద్యార్థులకు నేరుగా పంపే సంతృప్తి సర్వేలో 2.3.1లోని మాటలతోనే ఒక ప్రశ్న ఉంది. అనుభవం ద్వారా, పాల్గొనడం ద్వారా, సమస్యలు పరిష్కరించడం ద్వారా నేర్పే పద్ధతులు మీ అధ్యాపకులు వాడుతున్నారా అని అందులో పిల్లల్ని అడుగుతారు. అంటే మీరు చెప్పినదానికి జవాబు మీ విద్యార్థుల దగ్గర కూడా ఉంది. మీరు “అన్ని కోర్సుల్లో” అని రాసి, ఆర్ట్స్ పిల్లలు “చాలా తక్కువ” అని పెడితే ఆ రెండూ ఒకే క్రైటీరియన్ కింద పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇక మీ ఫైలు. దీన్ని చూస్తూ నేను కాగితాలను మూడు కుప్పలుగా పెట్టుకున్నాను. మొదటిది కాలేజీ దగ్గర ఏం ఉన్నాయో చెప్పేవి: ప్రొజెక్టర్ల బిల్లులు, స్మార్ట్ క్లాస్‌రూమ్ ఫొటోలు, లెక్చరర్ల పీహెచ్‌డీ సర్టిఫికెట్లు. రెండోది ఏం చేశారో చెప్పేవి: రిజిస్టర్లు, టీచింగ్ డైరీలు, సెమినార్ ఫొటోలు, సర్క్యులర్లు. మూడోది పిల్లలు ఏం నేర్చుకున్నారో చెప్పేవి: జవాబు పత్రాలు, ప్రశ్నల వారీగా మార్కులు, ప్రాజెక్టు రిపోర్టుల మీద దిద్దుబాట్లు. మీ ఫైల్లో మొదటి రెండు కుప్పలు లావుగా ఉన్నాయి, మూడోది పల్చగా ఉంది. అన్ని కాలేజీల్లోనూ దాదాపు ఇంతే. చిక్కెక్కడంటే, మొదటి రెండు కుప్పల్లోని కాగితాన్ని చూపించి మూడో కుప్పకి చెందిన మాట రాసేస్తాం. జియోట్యాగ్ ఫొటో ఆ రోజు ఆ గదిలో కార్యక్రమం జరిగిందని చెప్తుంది. ఆ గదిలో ఎవరికైనా ఏదైనా అర్థమైందా అన్నది అది చెప్పలేదు. మీ పేరాలో “నైపుణ్యం పెరిగింది” అన్న మాటకి మీరు పెట్టిన అనుబంధం ఐదు ఫొటోలు. మాక్ విజిట్ ప్రొఫెసర్ గారు అడిగింది దీన్నే.

మూడో కుప్ప పల్చగా ఉన్నా, మీ దగ్గర అందులో ఒక మంచి కాగితం ఉంది. 2023-24 మూడో సెమిస్టర్ కెమిస్ట్రీ ఇంటర్నల్స్‌ని మీరు ప్రశ్నల వారీగా నమోదు చేశారు. చాలామంది మొత్తం మార్కులే వేస్తారు. మొత్తం 20కి 13 వచ్చిందంటే పిల్లవాడికి ఏం వచ్చో ఏం రాదో తెలియదు. మీ రిజిస్టర్లో డైల్యూషన్ లెక్కకి విడిగా గడి ఉంది. పేరా మొత్తాన్ని దీని మీద నిలబెట్టవచ్చు. అయితే ఆ అంకెల్ని వాడే ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, రెండు పరీక్షల్లో అడిగింది ఒకే రకం పనేనా? మొదటి ఇంటర్నల్లో 1 నార్మల్ స్టాక్ ద్రావణం నుంచి 0.1 నార్మల్ ద్రావణం 250 మి.లీ. తయారు చేయడానికి ఎంత తీసుకోవాలి అని అడిగారు. జవాబు 25 మి.లీ. రెండో దాంట్లో 2 మోలార్ స్టాక్ నుంచి 0.05 మోలార్ ద్రావణం 500 మి.లీ. కావాలన్నారు. జవాబు 12.5 మి.లీ. రెండింటికీ ఆలోచన ఒకటే, అంకెలు వేరు, రెండోది ఇంకాస్త కష్టం కూడా. రెండింటికీ 5 మార్కులే. ఇది సరైన పోలిక. రెండో ప్రశ్ననే ప్రాబ్లమ్ క్లాసులో చేయించి ఉంటే మాత్రం పోలిక చెల్లదు, అప్పుడు కొలిచింది జ్ఞాపకశక్తి అవుతుంది. అందుకే మీ రిజిస్టర్లో ఆరు క్లాసుల్లో చేయించిన లెక్కల జాబితా తిరగేశాను. ఆ ప్రశ్న అందులో లేదు. పీర్ టీమ్‌లో కెమిస్ట్రీ తెలిసినవాళ్లు ఉంటే ఈ సంగతి అడుగుతారు, జాబితా పక్కన పెట్టుకోండి.

రెండోది, ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు? మీరు వేసుకున్న లెక్క ఇలా ఉంది: మొదటి ఇంటర్నల్ 46 మంది రాస్తే 17 మందికి ఆ లెక్కలో 3 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి, అంటే 37 శాతం. రెండోది 44 మంది రాస్తే 31 మందికి వచ్చాయి, అంటే 70 శాతం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఈ 46, ఆ 44 ఒకే పిల్లలు కాదు. మామూలుగా పరీక్షకి రానివాళ్లు లెక్కలో వెనకబడినవాళ్లే. వాళ్లు రెండోసారి రాకపోతే ఎవరూ ఏమీ నేర్చుకోకపోయినా శాతం దానంతటదే పెరుగుతుంది. అందుకని రెండు పరీక్షలూ రాసినవాళ్లనే విడదీసి చూశాను. వాళ్లు 43 మంది. మొదటిసారి 16 మంది, రెండోసారి 30 మంది. ఈ తరగతిలో శాతం పెద్దగా మారలేదు, కానీ ఇప్పుడు ఎవరు ప్రశ్నించినా నిలబడే అంకె మీ చేతిలో ఉంది. పేరాలో శాతాలు వేయకండి, “43 మందిలో 16, తర్వాత 30” అనే రాయండి. యాభై మంది కూడా లేని తరగతికి శాతం వేస్తే ఆ చిన్న సంఖ్య మరుగునపడుతుంది. చదివేవాళ్లు తరగతి ఎంతదో కూడా చూడగలగాలి.

మూడోది, కారణం. మీ పేరాలో “దీనివల్ల” అన్న మాట ఉంది. 16 నుంచి 30కి పెరగడం నిజం. ఆరు ప్రాబ్లమ్ క్లాసుల వల్లే పెరిగిందని మీ కాగితం చెప్పదు. ఈ మధ్యలో ల్యాబ్‌లో టైట్రేషన్లు చేశారు, కొందరు ట్యూషన్‌కి వెళ్లి ఉండొచ్చు, రెండోసారి అదే రకం ప్రశ్న వస్తుందని ముందే ఊహించి ఉండొచ్చు. క్లాసులకి వచ్చినవాళ్లు రానివాళ్లకన్నా బాగా చేశారన్న మాట నిజమే అయినా దానిమీద ఎక్కువ ఆధారపడకండి, నాలుగింటికి ఇంటికి వెళ్లకుండా ఆగేవాళ్లు ముందునుంచీ శ్రద్ధ ఉన్నవాళ్లే కావచ్చు. కాబట్టి ఏం చేశామో ఒక వాక్యంలో చెప్పండి, ఆ తర్వాత ఏం కనిపించిందో ఇంకో వాక్యంలో చెప్పండి. రెండింటినీ కారణంతో ముడివేయకండి. దీనితో మీ మాట బలహీనపడుతుందని మీ ప్రిన్సిపాల్ గారు అనుకోవచ్చు. పరిశోధన చేసిన ప్రొఫెసర్లు చదివినప్పుడు ఈ జాగ్రత్త చూసే మిగతా అంకెల్ని కూడా నమ్ముతారు.

ఇప్పుడు మిగిలిన 13 మంది. మీ డ్రాఫ్ట్‌లో వీళ్ల ఊసే లేదు. హాజరు చూస్తే వీళ్లలో 9 మంది ఆరు క్లాసుల్లో మూడుకన్నా తక్కువకి వచ్చారు. కవరింగ్ లెటర్లో మీరే రాశారు, నాలుగు గంటల తర్వాత ఊళ్లకి బస్సులు లేవని పిల్లలు చెప్పారని, అందుకే 2024-25లో ఆ గంటని టైమ్‌టేబుల్ లోపలికి తెచ్చామని. ఇంత మంచి విషయాన్ని పేరాలోకి ఎందుకు రానివ్వలేదు? బోధన నాణ్యత గురించి మీ ఫైలు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఒక ప్రయత్నం చేశారు, ఎవరికి అందలేదో చూశారు, ఎందుకు అందలేదో అడిగారు, మార్చారు. అందని 13 మందిని దాచిపెడితే ఈ కథ మొత్తం చెప్పుకోలేకపోతారు. టైమ్‌టేబుల్ రెండు కాపీలు, పాతదీ కొత్తదీ, అనుబంధంలో పెట్టండి. బస్సుల మాట పిల్లలు నోటితో చెప్పినదే కనుక, ఆ 9 మందిని అడిగి నాలుగు వరుసల నోట్ రాసి హెచ్‌వోడీ సంతకం, ఈనాటి తేదీ వేసి ఉంచండి.

ఫీడ్‌బ్యాక్ దగ్గరికి వద్దాం. “ఎంతో సానుకూలం” అన్నదానికి ఆధారం 5కి 4.6 సగటు అని పెట్టారు. సారాంశం కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చూశాను: 640 మందిలో 212 ఫారాలు వచ్చాయి, ఫారం మీద రోల్ నంబరు ఉంది, వసూలు చేసింది క్లాస్ టీచరే. ఆ పరిస్థితిలో ఏ పిల్లవాడైనా తన మేడంకి నాలుగో ఐదో వేస్తాడు. మూడింట రెండు వంతుల మంది ఏమన్నారో అసలు తెలియదు. ఈ సగటు వాడకండి. ఒకవేళ వాడాల్సి వస్తే 640లో 212 అన్నది అదే వాక్యంలో ఉండాలి.

ఆ ఫారాల్లో సగటు కన్నా విలువైనది వేరే ఉంది. 2022-23లో సెకండియర్ కెమిస్ట్రీ వాళ్ల 38 ఫారాల్లో 21 మంది “సలహాలు” అన్న చోట లెక్కలు త్వరగా అయిపోతున్నాయి, ఇంకొన్ని చేయించండి అని రాశారు. రోల్ నంబరు ఉండి కూడా, టీచర్ చేతికే ఇస్తూ కూడా ఇలా రాశారంటే అది గట్టి మాట. మీ ప్రాబ్లమ్ క్లాసులు ఇక్కడే పుట్టాయి. డిపార్ట్‌మెంట్ మినిట్స్ బుక్‌లో ఆ చర్చ కూడా ఉంది. చెప్పింది ముందు బ్యాచ్, మార్పు అందింది తర్వాతి బ్యాచ్‌కి. ఆ తేడా వాక్యంలో స్పష్టంగా ఉండాలి. పొగడ్తని వదిలేసి ఫిర్యాదుని ఆధారంగా పెట్టమంటున్నానని ఆశ్చర్యపోకండి. ఫీడ్‌బ్యాక్ విని ఏదో మార్చారు అనడానికి ఫిర్యాదే మొదటి కాగితం.

“అద్భుతమైన ఫలితాలు” అన్న మాటని ఈ పేరాలోంచి పూర్తిగా తీసేయండి. ఫైనలియర్ పాస్ శాతానికి 2.6 కింద వేరే మెట్రిక్ ఉంది, దాన్ని డీవీవీ యూనివర్సిటీ ఫలితాల పత్రంతో చూస్తుంది. మళ్లీ ఇక్కడ వేస్తే రెండు చోట్లా ఒకే అంకె ఉందో లేదో చూసుకునే పని అదనంగా తగులుకుంటుంది. సప్లిమెంటరీ కలిపి ఒకచోట, కలపకుండా ఇంకోచోట వేసి చిక్కుల్లో పడిన కాలేజీలు ఉన్నాయి. అదీగాక మీ పట్టికలో పాస్ శాతం 68, 71, ఆ తర్వాత ఒక్కసారి 83. ఈ 83ని మీ బోధనకి ఆపాదించే ముందు, ఆ ఏడాది అదే కోర్సులో యూనివర్సిటీ మొత్తం పాస్ శాతం ఎంతో చూడాలి. అది కూడా అలాగే ఎగిరితే పేపర్ సులువుగా వచ్చిందో, మూల్యాంకనం మారిందో అయి ఉంటుంది. యూనివర్సిటీది ఉన్నచోటే ఉండి మీది పెరిగితే అప్పుడు చెప్పుకోదగ్గదే, దాన్ని 2.6 కింద చెప్పండి.

ఐసీటీ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎన్ని ప్రొజెక్టర్లు ఉన్నాయన్నది నాలుగో క్రైటీరియన్ వాళ్లు ఎలాగూ రాస్తారు. ఇక్కడ దేనికి వాడారో ఒక్క ఉదాహరణ చాలు. మీ టీచింగ్ డైరీలో టైట్రేషన్ వర్చువల్ ల్యాబ్‌ని అసలు ల్యాబ్‌కి ముందు రోజు చేయించినట్టు తేదీలతో ఉంది. అది రాయండి. ఫలితం కొలవలేదు కనుక ఫలితం గురించి ఏమీ అనకండి.

ఇవన్నీ కలిపి పేరా ఎలా ఉంటుందో తెలుగులో రాస్తున్నాను, ఇంగ్లీషులోకి మీరు తెచ్చుకోండి.

“2022-23 ఫీడ్‌బ్యాక్‌లో ఫారాలిచ్చిన సెకండియర్ కెమిస్ట్రీ విద్యార్థులు 38 మందిలో 21 మంది లెక్కలకు ఇంకా సమయం కావాలని రాశారు. డిపార్ట్‌మెంట్ దీన్ని సమావేశంలో చర్చించి, 2023-24 మూడో సెమిస్టర్‌లో రెండు ఇంటర్నల్స్ మధ్య వారానికి ఒక గంట చొప్పున 6 ప్రాబ్లమ్ క్లాసులు నిర్వహించింది. నలుగురైదుగురు విద్యార్థులు జట్టుగా లెక్క చేసి బోర్డు మీద వివరించారు. ప్రతి క్లాసు చివర ఒక లెక్కతో స్లిప్ టెస్టు పెట్టారు. రెండు ఇంటర్నల్సూ రాసిన 43 మందిలో డైల్యూషన్ లెక్కకు 5కి 3 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు పొందినవారు మొదటిసారి 16 మంది, రెండోసారి 30 మంది. రెండోసారీ ఆ స్థాయికి చేరని 13 మందిలో 9 మంది మూడు కన్నా తక్కువ క్లాసులకు హాజరయ్యారు. క్లాసులు సాయంత్రం 4 గంటల తర్వాత ఉండటం, బస్సులు లేకపోవడం కారణమని వారు చెప్పారు. 2024-25 నుంచి ఈ గంటను టైమ్‌టేబుల్‌లో చేర్చాం. టైట్రేషన్ ప్రయోగాలకు ముందు రోజు వర్చువల్ ల్యాబ్ చేయిస్తున్నాం.”

ఇందులో ఒక్క పొగడ్త లేదు. “నిబద్ధత” అన్న మాట లేకపోయినా, బస్సు దొరకని పిల్లల కోసం టైమ్‌టేబుల్ మార్చిన అధ్యాపకులు కనిపిస్తున్నారు. ప్రతి వాక్యానికీ ఒక కాగితం ఉంది: ఫీడ్‌బ్యాక్ ఫారాలు, మినిట్స్ బుక్, హాజరుతో సహా ప్రాబ్లమ్ క్లాసుల రిజిస్టరు, రెండు ప్రశ్నపత్రాలు, ప్రశ్నల వారీ మార్కులు, పిల్లల మాటల నోట్, రెండు టైమ్‌టేబుళ్లు, టీచింగ్ డైరీ. అనుబంధం లింకులో వీటిని పేరాలో వచ్చిన వరుసలోనే పెట్టండి. నూట ఇరవై పేజీల పీడీఎఫ్‌లో తొంభయ్యో పేజీలో దాగిన కాగితాన్ని ఎవరూ వెతకరు. ఆధారం ఉన్నా లేనట్టే. మార్కుల పట్టిక అప్‌లోడ్ చేసేటప్పుడు పిల్లల పేర్లు తీసేసి వరుస సంఖ్యలు వేయండి. ఆ ఎస్‌ఎస్‌ఆర్ మీ వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తుంది.

ఇది ఒక డిపార్ట్‌మెంట్ సంగతి మాత్రమే అన్నది మరవకండి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు చాలు, ఎందుకంటే కుండలో అన్నిటికీ ఒకే వేడి తగులుతుంది. కాలేజీలో కెమిస్ట్రీకి తగిలిన వేడి కామర్స్‌కి తగిలిందని చెప్పలేం. కాబట్టి ఈ పేరా తర్వాత “ఇదే విధంగా అన్ని విభాగాల్లోనూ” అని కలపకండి. మిగతా హెచ్‌వోడీలను పిలిచి, 2.3.1 ఫార్మాట్ ఇవ్వకుండా మామూలుగా అడగండి: పోయినేడు మీ క్లాసులో ఏదైనా మార్చారా, ఎందుకు మార్చారు, మారాక పిల్లల రాతలో ఏం చూశారు? కామర్స్‌వాళ్లు జీఎస్టీ బిల్లులు తెప్పించి లెక్కలు కట్టించామని చెప్పవచ్చు, పిల్లల రికార్డులు చూపించవచ్చు, మార్కులు విడిగా వేసి ఉండకపోవచ్చు. అప్పుడు ఏం చేశారో రాయండి, ఒక దిద్దిన రికార్డు జతచేయండి, ఫలితం మాట ఎత్తకండి. తెలుగు డిపార్ట్‌మెంట్ దగ్గర ఏ కాగితమూ లేకపోతే వాళ్ల పేరు ఈ మెట్రిక్‌లో ఉండదు, అంతే. మూడు విభాగాల నిజం, పన్నెండు విభాగాల ఉత్త మాటల కన్నా ఎక్కువ చోటు తీసుకోవాలి. మాటల పరిమితి కూడా మీకు ఇక్కడ సాయం చేస్తుంది.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. గడువు దగ్గరపడినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో “పాత తేదీలతో రిజిస్టరు రాసేద్దాం” అన్న సలహా వస్తుంది. చేయకండి, చేయనివ్వకండి. ఐదేళ్ల హాజరు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటే రిజిస్టర్లు చూసి చూసి అలవాటైన మనిషికి పట్టుకోవడం కష్టం కాదు. సెలవు రోజున క్లాసు జరిగినట్టు రాసి దొరికిపోవడమూ మామూలే. అంతకన్నా పెద్ద నష్టం, మీ 43 మంది లెక్క లాంటి నిజమైన అంకె కూడా ఆ దొంగ రిజిస్టరు పక్కన ఉన్నందుకు అనుమానంలో పడుతుంది. రికార్డు లేని పనికి “2024-25 నుంచి నమోదు చేస్తున్నాం” అని రాయడంలో తప్పేమీ లేదు. ఎస్‌ఎస్‌ఆర్‌లో సంస్థ బలహీనతలు రాసుకునే చోటు కూడా ఉంది. ప్రశ్నల వారీ నమోదు కొన్ని విభాగాల్లోనే ఉందని అక్కడ ఒక్క వాక్యం రాస్తే, ఇక్కడి పేరాకి ఇంకా బలం వస్తుంది.

ప్రిన్సిపాల్ గారితో వాదించాల్సిన పని లేదు. రెండు పేరాలూ ఒకే పేజీ మీద, పాతది ఎడమవైపు, కొత్తది కుడివైపు, ప్రింటు తీసి ఇవ్వండి. పీర్ టీమ్ చైర్‌పర్సన్ మీ గదిలో కూర్చుని ఈ పేరాలోని మూడో వాక్యానికి ఆధారం చూపించండి అంటే మీరేం చూపిస్తారు సార్ అని అడగండి. ఎడమవైపు పేరాకి ఆయన మిమ్మల్ని పిలవాలి. కుడివైపు దానికి బీరువా తెరిస్తే చాలు. “గట్టిగా రాయండి” అనడంలో ఆయన ఉద్దేశం కాలేజీకి మంచి గ్రేడ్ రావాలనేగా. దానికి ఏది పనికొస్తుందో ఆయనే చూసుకోగలరు.

అప్‌లోడ్‌కి ముందు ఒక పరీక్ష పెట్టండి. మీ డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేని ఒక లెక్చరర్‌కి, హిస్టరీ మేడం అనుకోండి, పేరా ఇచ్చి ఒక్కో వాక్యం చదివి దానికి సంబంధించిన కాగితం తీసి టేబుల్ మీద పెట్టమనండి. మీరు పక్కన ఉండి చెప్పకూడదు. ఆమెకి దొరకని కాగితం పీర్ టీమ్‌కీ దొరకదు. దొరికిన కాగితంలో అంకె వాక్యంలోని అంకెతో సరిపోకపోతే, వాక్యాన్ని కాగితానికి తగ్గట్టు మార్చండి. ఆ తర్వాత మీ సెకండియర్ పిల్లల్ని ఇద్దరు ముగ్గురిని పిలిచి అదే పేరా తెలుగులో చెప్పి, ఇలాగే జరిగిందా అని అడగండి. “జట్టుగా అంటే నాలుగు క్లాసులే మేడం, తర్వాత ఎవరికి వాళ్లమే చేశాం” అంటే ఆరు తీసి నాలుగు వేయండి.

ఇంకో పని ఈ గడువుకి ఉపయోగపడదు, వచ్చే విడతకి పనికొస్తుంది. కాలేజీలో నాణ్యత చూసే అంతర్గత విభాగం ఐక్యూఏసీ తరఫున ఒక సర్క్యులర్ తీసి, అన్ని విభాగాల ఇంటర్నల్ మార్కుల రిజిస్టర్లోనూ మొత్తం మార్కుల గడికి ముందు ప్రశ్నల వారీ గడులు గీయించండి. ఒక్కో కోర్సులో పిల్లలు ఏటా తడబడే ఒకటి రెండు అంశాలను హెచ్‌వోడీ ముందే గుర్తించి, వాటి మీద రెండు ఇంటర్నల్స్‌లోనూ ఒకే స్థాయి ప్రశ్న పెట్టాలి. ఏ మార్కు దాటితే వచ్చినట్టు లెక్కో పరీక్షకి ముందే మినిట్స్‌లో రాసుకోవాలి, మార్కులు చూశాక గీత జరపకూడదు. మీరు 5కి 3 అని ఎప్పుడు నిర్ణయించారో నాకు ఫైల్లో కనిపించలేదు. ముందే నిర్ణయించి ఉంటే ఆ పేజీ కూడా జతచేయండి. తర్వాత నిర్ణయించినదైతే 4 పెట్టి ఇంకోసారి లెక్క చూడండి. అప్పుడూ పెరుగుదల స్పష్టంగా కనిపిస్తే ఆ రెండో లెక్క కూడా పట్టిక కింద వేయండి. దిద్దిన జవాబు పత్రాలను పిల్లలకి ఇచ్చేసే ముందు బాగా రాసినవి, మధ్యరకం, తడబడినవి మూడేసి చొప్పున కాపీ తీసి ఉంచమని కూడా ఆ సర్క్యులర్లోనే రాయండి.